12 వారాల డ్రైల్యాండ్ ప్రణాళిక, అంటే నీళ్ల బయట చేసే వ్యాయామాలు: భుజాలు, కోర్ అనే నడుము, పొట్ట కండరాలు, బ్లాక్ మీద నుంచి స్టార్ట్

స్విమ్మర్: అబ్బాయి, 15 ఏళ్లు, 168 సెంటీమీటర్లు, 52 కిలోలు. 50, 100 ఫ్రీస్టైల్, 100 బటర్‌ఫ్లై. వారానికి ఆరు రోజులు పొద్దున 5:30 నుంచి 7:30 దాకా పూల్. బరువులు ఇదే మొదటిసారి. కిందటి సీజన్‌లో పెద్ద బటర్‌ఫ్లై సెట్ల తర్వాత ఎడమ భుజం ముందువైపు నొప్పి వచ్చింది. ఇప్పుడు లేదు, ఫిజియో అనుమతి ఉంది.
లక్ష్యం: పన్నెండో వారం చివర రాష్ట్ర జూనియర్ పోటీలు.
కావలసినవి: 2 నుంచి 16 కిలోల దాకా డంబెల్స్, రెండు రబ్బరు బ్యాండ్లు (ఒకటి పలచనిది, ఒకటి మందమైనది), 3 కిలోల మెడిసిన్ బాల్, పుల్‌అప్ కడ్డీ, 40 సెంటీమీటర్ల గట్టి బాక్స్, చాప.

రోజులు

సోమ, బుధ, శుక్రవారాల్లో సాయంత్రం 5:30కి, గంటలోపు ముగించాలి. పూల్‌కి ముందు పొద్దున బరువులు వద్దు. భుజం కీలును పట్టి ఉంచే చిన్న కండరాలు అలసిపోయాక నీళ్లలో దిగితే, ప్రతి స్ట్రోక్‌లో చేతి ఎముక తల తన చోటు నుంచి కాస్త జారవచ్చు. నొప్పి మొదలయ్యేది అక్కడే. శనివారం సాయంత్రం ఏమీ లేదు, పొద్దున పూల్‌లోనే బ్లాక్ మీద స్టార్టులు. ఆదివారం పూర్తి విశ్రాంతి.

మొదటి రోజు కొలతలు

వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడిచి, చేతులు తల మీదుగా వెనక్కి చాపి బొటనవేళ్లు నేలకు ఆనించు. పక్కటెముకలు పైకి లేవకుండా ఆనాలి. లేస్తున్నాయంటే వీపు పైభాగం బిగుసుకుని ఉండవచ్చు, ప్రతిసారీ భుజమే కారణం కాదు. దీన్ని భుజం సాగదీసి సరిచేయాలని చూస్తే ఉన్న సమస్య పెరగవచ్చు.

తర్వాత గోడ పక్కన నిలబడి వేళ్లకు సుద్ద రాసుకుని, కదలకుండా కూర్చున్న భంగిమ నుంచి జంప్ చేసి ఎత్తు గుర్తించు. నిలబడిన చోటి నుంచి లాంగ్ జంప్ దూరం, ఒక్కోవైపు సైడ్ ప్లాంక్ సమయం, బ్లాక్ నుంచి 15 మీటర్ల గుర్తుకు తల చేరే సమయం కూడా రాసుకోవాలి. ఇవన్నీ ఐదో వారం, తొమ్మిదో వారం మళ్లీ తీయాలి. శరీరం ఎత్తు మాత్రం ప్రతి నెలా కొలవాలి. ఒక్క నెలలో సెంటీమీటరు దాటి పెరిగితే ఆ తర్వాతి నెల జంపులు సగానికి తగ్గించాలి. ఎముక వేగంగా పెరిగేటప్పుడు కండరం వెనకబడి, మోకాలి చిప్ప కింది బుడిపె మీద లాగుడు ఎక్కువవుతుంది.

వార్మప్, 10 నిమిషాలు

స్కిప్పింగ్ 2 నిమిషాలు. నాలుగు కాళ్ల భంగిమలో ఒక చేయి తల వెనక పెట్టి వీపు పైభాగం తిప్పడం, ఒక్కోవైపు 8. గ్లూట్ బ్రిడ్జ్, అంటే వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడిచి తుంటి పైకి లేపడం, 12. గోడ ముందు మడమ లేపకుండా మోకాలు ముందుకు తీసుకెళ్లడం, ఒక్కో కాలికి 10. పలచని బ్యాండ్ ఛాతీ ఎత్తులో పట్టుకుని చేతులు పక్కలకు లాగడం 15. చివర మెల్లని స్క్వాట్లు 10.

సోమవారం

స్థిర స్క్వాట్ జంప్ 4×3, అంటే నాలుగు సెట్లు, ఒక్కో సెట్‌లో మూడుసార్లు, సెట్ల మధ్య 90 సెకన్లు
గాబ్లెట్ స్క్వాట్ 3×8, డంబెల్ ఛాతీకి ఆనించి పట్టుకుని, 10 కిలోలు
ఒంటిచేతి డంబెల్ రో 3×10, ముందుకు వంగి డంబెల్‌ను నడుము వైపు లాగడం, 8 కిలోలు
పుషప్ ప్లస్ 3×10
హాలో హోల్డ్ 4×20 సెకన్లు, వెల్లకిలా పడుకుని భుజాలు, కాళ్లు కాస్త లేపి ఆగడం
బ్యాండ్‌తో భుజం బయటికి తిప్పడం 2×15

స్క్వాట్ జంప్ ఈ ప్రణాళికకు గుండెకాయ. మామూలు జంప్‌లో ముందు కిందికి ఊగి, ఆ ఊపుతో పైకి లేస్తాం. బ్లాక్ మీద ఆ ఊపు దొరకదు. ‘టేక్ యువర్ మార్క్స్’ అన్నాక కదలకుండా ఉండాలి, మోత వినగానే నిశ్చలంగా ఉన్న కాళ్ల నుంచే బలం రావాలి. అందుకే తొడలు నేలకు కాస్త పైన ఉండేలా కూర్చుని, రెండు సెకన్లు గడ్డకట్టినట్టు ఆగి, ఆపైన ఎగరాలి. ఎక్కువమంది చేసే తప్పు, లేచే ముందు రెండంగుళాలు కిందికి దిగడం. ఫోన్‌లో పక్క నుంచి స్లో మోషన్ వీడియో తీస్తే వెంటనే దొరుకుతుంది. దిగిన జంప్ లెక్కలోకి రాదు.

దిగేటప్పుడు చప్పుడు రాకూడదు, మోకాళ్లు లోపలికి వాలకూడదు. పూల్ అంచున తడి టైల్స్ మీద జంపులు ఎప్పుడూ వద్దు. బూట్లతో, పొడి నేల మీదే.

పుషప్ ప్లస్ అంటే పైకి వచ్చాక ఆగిపోకుండా నేలను ఇంకాస్త నెట్టడం. రెక్క ఎముకలు పక్కటెముకల చుట్టూ ముందుకు జారాలి. చేయి తలపైకి లేచినప్పుడు రెక్క ఎముకను తిప్పే కండరం దీనితో బలపడుతుంది. నడుము కుంగితే చేతులు బెంచీ మీద పెట్టి చెయ్యి.

బుధవారం

జంపులు లేవు. ఈ రోజు భుజాలకు, కోర్‌కు.

పుల్‌అప్ 3×5
పొట్ట మీద పడుకుని చేతులు వై, టీ ఆకారాల్లో పైకి లేపడం, ఒక్కోటి 2×10
రొమేనియన్ డెడ్‌లిఫ్ట్ 3×8, వీపు నిటారుగా ఉంచి తుంటి దగ్గర వంగి లేవడం, చేతికో 8 కిలోలు
డెడ్ బగ్ 3×8, వెల్లకిలా పడుకుని ఒక చేయి, ఎదుటివైపు కాలు కలిపి చాపడం, ఒక్కోవైపు
పాలోఫ్ ప్రెస్ 3×10, పక్కన కట్టిన బ్యాండ్‌ను ఛాతీ ముందుకు నెట్టి మొండెం తిరగకుండా పట్టడం, ఒక్కోవైపు
సైడ్ ప్లాంక్ 2×30 సెకన్లు, ఒక్కోవైపు
బ్యాండ్‌తో భుజం బయటికి తిప్పడం 2×15

ఈదడమంతా చేతిని లోపలికి తిప్పుతూ కిందికి లాగడమే. రోజూ వేల స్ట్రోక్‌లతో ఛాతీ, వీపు పక్క కండరాలు బలపడుతూనే ఉంటాయి. భుజాన్ని బయటికి తిప్పేవి, రెక్క ఎముకను కిందికి, వెనక్కి పట్టేవి వెనకబడతాయి. భుజాలు ముందుకు వంగి నడిచే స్విమ్మర్‌లో కనిపించేది ఇదే. కాబట్టి ఛాతీకి బెంచ్ ప్రెస్ ఈ ప్రణాళికలో లేదు.

బ్యాండ్ పని ఇలా: మోచేయి పక్కకు ఆనించి, మధ్యలో మడిచిన చేతి టవల్ పెట్టు. మోచేయి 90 డిగ్రీలు. రెండు సెకన్లలో బయటికి, మూడు సెకన్లలో లోపలికి. టవల్ జారి పడిందంటే మోచేయి పైకి లేచింది. మణికట్టు వెనక్కి వంగితే బ్యాండ్ ఎక్కువ మందంగా ఉందని అర్థం. పదిహేనోసారి కూడా మొదటిదానిలాగే రావాలి, చేయి వణికేదాకా చేయడం వద్దు.

వై, టీ లకు మొదటి మూడు వారాలు ఖాళీ చేతులే. తర్వాత అరలీటరు నీళ్ల సీసా చాలు. బొటనవేలు పైకప్పు వైపు చూడాలి. మెడ బిగుస్తోందంటే మెడ పక్క కండరం పని లాగేసుకుంటోంది, చేతులు తక్కువ ఎత్తు లేపు.

ఐదు పుల్‌అప్‌లు రాకపోతే మందమైన బ్యాండ్‌లో మోకాలు పెట్టు, లేదా బాక్స్ ఎక్కి పై నుంచి ఐదు సెకన్లలో మెల్లగా దిగు. లాగే ముందు రెక్క ఎముకలు కిందికి దించాలి. వదులైన భుజాలతో వేలాడి ఒక్కసారిగా ఊగడం ఎడమ భుజానికి మంచిది కాదు.

సిటప్‌లు లేవు. నీళ్లలో కోర్ ముఖ్యమైన పని నడుమును కదిలించడం కాదు, చేతులు కాళ్లు కదులుతున్నా మొండెం వంగకుండా పట్టడం. హాలో హోల్డ్‌లో నడుము చాపకు అతికి ఉండాలి, చేతులు స్ట్రీమ్‌లైన్‌లో, చెవుల వెనక. నడుము కింద అరచేయి దూరేంత సందు వస్తే కాళ్లు పైకి తీసుకో. ఊపిరి బిగబట్టొద్దు.

శుక్రవారం

ముందూ వెనకా కాళ్లతో లాంగ్ జంప్ 4×3
మెడిసిన్ బాల్ ఛాతీ నుంచి ముందుకు విసరడం 3×5
స్ప్లిట్ స్క్వాట్, అంటే ఒక కాలు ముందు, ఒకటి వెనక పెట్టి దిగి లేవడం, 3×8 ఒక్కో కాలికి, చేతికో 5 కిలోలు
పిక్కల రెయిజ్ 3×12, ఒంటికాలు
ఒంటిచేతి రో 2×10
వై, టీ 2×10
హాలో హోల్డ్ 3×20 సెకన్లు

లాంగ్ జంప్‌కి బ్లాక్ మీద నిలబడినట్టే ఒక కాలు ముందు, ఒకటి వెనక. రెండు సెకన్లు ఆగి, స్నేహితుడు చప్పట్లు కొట్టగానే దూకు. చప్పట్ల మధ్య వ్యవధి ప్రతిసారీ మారాలి. రెండు కాళ్ల మీదా దిగి ఆగాలి.

శనివారం, బ్లాక్ మీద

వార్మప్ అయ్యాక, పెద్ద సెట్‌కి ముందు, 6 స్టార్టులు, మధ్యలో 2 నిమిషాలు. 15 మీటర్ల దాకా పూర్తి వేగం. ఫ్రీస్టైల్, బటర్‌ఫ్లైలలో తల 15 మీటర్ల గుర్తు దాటకముందే నీటిపైకి రావాలి, కాబట్టి డాల్ఫిన్ కిక్‌లు లెక్కపెట్టుకో. కొత్త బ్లాకుల మీద వెనక కాలికి వాలుపలక ఉంటుంది. ఉంటే వెనక మోకాలు సుమారు 90 డిగ్రీలు ఉండేలా దాన్ని జరుపు. లేని పూల్‌లో వెనక కాలి మునివేళ్ల మీద నిలబడి సాధన చెయ్యి. పోటీ జరిగే పూల్ ఎలా ఉందో కోచ్‌ని ముందే అడుగు.

అంతర్జాతీయ నియమం ప్రకారం బ్లాకులున్న వైపు, గోడకు 1 నుంచి 6 మీటర్ల మధ్య, లోతు కనీసం 1.35 మీటర్లుండాలి. అంతకన్నా తక్కువ లోతులో డైవ్ చేయవద్దు.

వారాల వారీగా

1–4: పైన రాసిన అంకెలే. ప్రతి సెట్ చివర ఇంకో మూడు చేయగలననిపించాలి. వరుసగా రెండుసార్లు అన్ని సెట్లూ శుభ్రంగా వస్తేనే 2 కిలోలు పెంచు. నాలుగో వారం ప్రతిదానిలో ఒక సెట్ తగ్గించు.

5–8: స్క్వాట్, డెడ్‌లిఫ్ట్, స్ప్లిట్ స్క్వాట్ 4×6, ఇంకో రెండు మిగిలి ఉండేంత బరువుతో. సోమవారం బాక్స్ జంప్ 3×3 చేర్చు. దూకి ఎక్కు, అడుగు వేసి దిగు. ఎనిమిదో వారం మళ్లీ ఒక సెట్ తక్కువ.

9–10: బరువు అంతే, సెట్లు 3×4, లేచేటప్పుడు వేగంగా. జంపుల మధ్య విశ్రాంతి 2 నిమిషాలు. జంప్ ఎత్తు పడిపోయిందని కనిపించిన సెట్‌తోనే ఆ రోజు జంపులు ఆపేయాలి.

11–12: మొత్తం పని సగం, వేగం అలాగే. చివరి బరువుల రోజు పోటీకి ఐదు రోజుల ముందు. రెండు రోజుల ముందు స్క్వాట్ జంప్ 2×3, బ్యాండ్ ఒక సెట్, అంతే.

పరీక్షల వల్ల సాయంత్రం ఇరవై నిమిషాలే దొరికితే జంపులు, బ్యాండ్, రో, హాలో చాలు. బరువులు ఒక వారం పోయినా ఫర్వాలేదు, భుజం పని మాత్రం వదలకు.

చేయకూడనివి

స్నేహితుడు వెనక నుంచి మోచేతులు పట్టి లాగే సాగదీత. స్విమ్మర్ల భుజాలు మామూలుగానే వదులుగా ఉంటాయి. ఇంకా సాగదీస్తే కీలు పట్టు పోతుంది. మెడ వెనక్కి బార్ లాగడం, రెండు కడ్డీల మధ్య చేతుల మీద దిగి లేచే డిప్స్, గడ్డం దాకా బరువు ఎత్తే నిలువు రో కూడా వద్దు. చేతులకు పాడిల్స్ కట్టి ఈదే రోజు సాయంత్రం పుల్‌అప్‌లు రెండు సెట్లే.

నొప్పి

కండరం పీకడం రెండు మూడు రోజుల్లో పోతుంది, దానికి భయం లేదు. భుజం ముందువైపు లేదా లోపల పదికి మూడు దాటిన నొప్పి వస్తే ఆ వ్యాయామం అక్కడితో ఆపి, అదే సాయంత్రం ఈ ప్రణాళిక రాసిన నాకు చెప్పు. రాత్రి ఆ పక్కకు పడుకోలేకపోవడం, చేతిలో తిమ్మిరి, వెనక్కి వంగితే నడుములో ఒకచోట పొడిచినట్టు నొప్పి: ఇందులో ఏది కనిపించినా డాక్టర్ చూసేదాకా పూల్ కూడా వద్దు. బటర్‌ఫ్లై ఈదే పిల్లల్లో నడుము ఎముకకు సన్నని పగులు రావచ్చు. ఓర్చుకుని ఈదితే నెలలు పోతాయి.

ఇంట్లో

అమ్మానాన్నలకు: సెషన్ అయ్యాక గంటలోపు అన్నం, గట్టి పప్పు, రెండు గుడ్లు, పెరుగు పెట్టండి, గుడ్డు తినకపోతే పనీర్ లేదా సోయా. పొద్దున పూల్‌కి ముందు అరటిపండు. నాలుగున్నరకు లేవాలి కాబట్టి రాత్రి ఎనిమిదిన్నరకు దీపం ఆర్పండి. జిమ్‌లో ఎవరో ఇచ్చిన పొడులు కొనవద్దు. డోపింగ్ నియమాల్లో శరీరంలో దొరికినదానికి ఆటగాడే బాధ్యుడు, డబ్బా మీద ఆ పేరు లేకపోయినా సరే.