కీమో మందులు, వాటి దెబ్బలు: సెకండియర్ ఫార్మకాలజీ వైవా ప్రశ్నలు

కర్నూలులో ఓపీకి వచ్చే పేషెంట్లను తలుచుకుంటూ రాశాను. జవాబు పక్కనే ఉంది, ముందు చేత్తో మూసుకోండి.

1. జతపరచండి. కుడివైపు ఒకటి మిగులుతుంది.

అ. డాక్సోరుబిసిన్ – క. మూత్రంలో రక్తం
ఆ. బ్లియోమైసిన్ – చ. పాదం వాలిపోవడం, మలబద్ధకం
ఇ. విన్‌క్రిస్టిన్ – ట. గుండె సాగి బలహీనపడటం
ఈ. సిస్‌ప్లాటిన్ – త. చెవిలో హోరు, క్రియాటినిన్ పెరగడం
ఉ. సైక్లోఫాస్ఫమైడ్ – ప. ఊపిరితిత్తుల ఫైబ్రోసిస్
య. గుండె రక్తనాళాలు బిగుసుకుని ఛాతీ నొప్పి

జవాబు: అ–ట, ఆ–ప, ఇ–చ, ఈ–త, ఉ–క. మిగిలిన ‘య’ 5-ఫ్లోరోయురాసిల్‌ది. ‘ఉ’ దగ్గర ఆగి మెస్నా ఎందుకిస్తారని అడుగుతారు: మూత్రాశయంలో అక్రోలిన్‌ను పట్టి కట్టేస్తుంది.

2. ఆదోని నుంచి వచ్చిన ఆమెకు రొమ్ము క్యాన్సర్. డాక్సోరుబిసిన్ చదరపు మీటరుకు 60 మి.గ్రా. చొప్పున 4 సైకిళ్లు అయ్యాయి. ట్రాస్టుజుమాబ్ మొదలైన మూడు నెలలకు ఎకోలో ఎజెక్షన్ ఫ్రాక్షన్ 62 నుంచి 48కి పడింది. ఏ మందు మీద అనుమానం?

జవాబు: గుండె అనగానే డాక్సోరుబిసిన్ అని అరిచేవాళ్లు ఇక్కడే పడతారు. మొత్తం డోసు లెక్కేయండి: 240. ప్రమాదం బాగా పెరిగేది 450–550 దగ్గర. తక్కువ డోసులో రాదని కాదు, కానీ ఇక్కడ మొదటి అనుమానం ట్రాస్టుజుమాబ్ మీదే. దాని దెబ్బ మొత్తం డోసును బట్టి ఉండదు, ఆపితే చాలామందిలో గుండె కోలుకుంటుంది. డాక్సోరుబిసిన్ నష్టం అలా తిరిగిరావడం కష్టం. డెక్స్‌రజోక్సేన్ కాపాడేది డాక్సోరుబిసిన్ నుంచే.

3. నంద్యాల కుర్రాడు, 24 ఏళ్లు. వృషణాల క్యాన్సర్‌కు కీమో. పొడి దగ్గు, వీపు మీద కొరడాతో కొట్టినట్టు నల్లచారలు. ఊపిరితిత్తి, చర్మం ఒకేసారి ఎందుకు?

జవాబు: బ్లియోమైసిన్‌ను విరగ్గొట్టే హైడ్రొలేజ్ ఎంజైమ్ ఆ రెండుచోట్లా తక్కువ. అందుకే మందు అక్కడే పేరుకుంటుంది. రేపు అతనికి ఆపరేషన్ పడితే మత్తు డాక్టరుకు ఈ సంగతి చెప్పి తీరాలి, ఎక్కువ ఆక్సిజన్ ఊపిరితిత్తులను ఇంకా దెబ్బతీయవచ్చు.

4. పెద్దపేగు క్యాన్సర్ ఉన్న కడప పెద్దాయన. మే నెల ఎండలో ఇంటికెళ్లి ఫ్రిజ్ నీళ్లు తాగితే గొంతు పట్టేసినట్టయింది, వేళ్లు జివ్వుమన్నాయి. ఏ మందు వల్ల, ఏం చెప్పాలి?

జవాబు: ఆక్సాలిప్లాటిన్. నరాలకు చల్లదనం పడదు. కొన్నాళ్లు గోరువెచ్చని నీళ్లే. కుండనీళ్లు పరవాలేదు కదా అని అడుగుతారు. అవీ చల్లనివే, వద్దని చెప్పండి.

5. లుకేమియా పిల్లాడు అడుగు ఈడుస్తున్నాడు, నాలుగు రోజులుగా దొడ్డికి లేదు. మందేది, ఎందుకిలా, ఏ దారిన ఇవ్వకూడదు?

జవాబు: విన్‌క్రిస్టిన్. మైక్రోట్యూబుల్స్ కట్టుకోనివ్వదు, నరంలో సరుకు రవాణా ఆగిపోతుంది. సిరలోకే ఇవ్వాలి. వెన్నులోకి వెళ్తే ప్రాణం పోతుంది. అందుకే సిరంజిలో కాకుండా చిన్న సెలైన్ సంచిలో కలిపి ఎక్కిస్తారు: సంచిని వెన్నుసూదికి తగిలించే పొరపాటు ఎవరూ చెయ్యరు.