త్రైమాసిక ప్రగతి నివేదిక: జూనియర్ బ్యాచ్, ఉదయం

వయసు: 11 ఏళ్లు
కాలం: జూన్ నుంచి ఆగస్టు వరకు
శిక్షణ: మంగళవారం నుంచి శనివారం, ఉదయం 5.45 నుంచి 7.15 వరకు, 25 మీటర్ల కొలను
హాజరు: 65 రోజుల్లో 52

అమ్మగారికి, నాన్నగారికి నమస్కారం.

ముందుగా టైమింగులు, ఎలాగూ మీరు మొదట చూసేవి అవే కాబట్టి. జూన్ మొదటి వారంలో తీసినవీ, ఆగస్టు చివరి వారంలో తీసినవీ పక్కపక్కన ఇస్తున్నాను.

50 మీటర్ల ఫ్రీస్టైల్: 46.8 సెకన్లు, ఇప్పుడు 42.9
100 మీటర్ల ఫ్రీస్టైల్: 1 నిమిషం 47.2 సెకన్లు, ఇప్పుడు 1 నిమిషం 38.0
50 మీటర్ల బ్యాక్‌స్ట్రోక్: 54.1, ఇప్పుడు 51.6
50 మీటర్ల బ్రెస్ట్‌స్ట్రోక్: 61.5, ఇప్పుడు 60.9
బటర్‌ఫ్లై: ఇంకా టైమింగ్ తీయడం లేదు

ఇవన్నీ చేతి స్టాప్‌వాచీతో తీసినవి. బొటనవేలు కాస్త ముందో వెనకో నొక్కినా కొద్దిపాటి తేడా వస్తుంది. అందుకే బ్రెస్ట్‌స్ట్రోక్‌లో తగ్గిన ఆరు పదోవంతులను నేను మెరుగుదలగా లెక్కపెట్టడం లేదు. ఫ్రీస్టైల్‌లో తగ్గిన 3.9 సెకన్లు మాత్రం నిక్కచ్చిగా ఆమె సంపాదించుకున్నవే.

అవి ఎక్కడి నుంచి వచ్చాయో చెప్పాలి. మీ అమ్మాయికి ఈ మూడు నెలల్లో బలం అంతగా పెరగలేదు. పెరిగింది నీటిమీద పట్టు. జూన్‌లో 25 మీటర్లు దాటడానికి 28 సార్లు చేతులు వేసేది, ఇప్పుడు 23 సార్లు సరిపోతోంది. అప్పట్లో చెయ్యి నీటిలో పడీ పడగానే కిందికి నొక్కేసేది. ఇప్పుడు ముందుకు పూర్తిగా చాచి, మోచేయి పైనే ఉంచి, అరచేత్తోనూ ముంజేత్తోనూ నీటిని వెనక్కి నెడుతోంది. గోడను తన్ని బయల్దేరేటప్పుడు చేతులు రెండూ చెవులకు ఆనించి బాణంలా సాగడం కూడా అలవాటైంది. చెప్పింది ఒక్కరోజులో పట్టుకునే రకం కాదు. పట్టుకున్నాక మాత్రం వదలదు. నా అనుభవంలో రెండోదే అరుదు.

ఇప్పుడు ఇబ్బందుల దగ్గరికి వస్తాను. మొదటిది ఊపిరి. ఆమె కుడివైపే ఊపిరి తీసుకుంటుంది, అదీ తల పక్కకు తిప్పకుండా పైకి ఎత్తి. తల లేస్తే నడుము దిగుతుంది, నడుము దిగితే కాళ్లు బ్రేకులా పనిచేస్తాయి. రెండు వారాలు గమనించాక తెలిసిన విషయం ఒకటుంది, నొచ్చుకోకండి: కొలనులో అటు వెళ్లేటప్పుడు గ్యాలరీ ఆమెకు కుడి పక్కన ఉంటుంది. తల ఎక్కువగా లేచేది ఆ ల్యాపులోనే. నాన్నగారు చేతిలో వాచీ పట్టుకుని ఏమంటున్నారో చూడటానికే లేస్తోంది. తిరిగి వచ్చేటప్పుడు తల చాలావరకు నీటిలోనే ఉంటోంది. వచ్చే నెల వరకు వాచీ నాకే వదిలేయండి. మీరు అక్కడ కూర్చోవడం ఆమెకు ఇష్టం, కూర్చోండి.

రెండోది వేగం పంచుకోవడం. 100 మీటర్లలో మొదటి సగం 44.6, రెండో సగం 53.4. తన 50 మీటర్ల ఉత్తమ టైమింగుకు రెండు సెకన్ల దూరంలోనే మొదటి సగం ఈదేస్తే మిగిలిన సగానికి ఊపిరి ఎక్కడుంటుంది? చివరి ల్యాపులో చేతులు బరువెక్కడం గట్టుమీది నుంచే కనిపిస్తోంది. ఇది దమ్ము లేకపోవడం కాదు, తొందర.

మూడోది బ్రెస్ట్‌స్ట్రోక్. ఆగస్టులో జరిగిన పోటీలో మూడోదిగా చేరి కూడా అనర్హురాలైన సంగతి మీకు తెలుసు. ఆరోజు ఆమె తీసుకున్నంతగా మీరూ మనసుకు తీసుకున్నారని అర్థమైంది, కాబట్టి వివరంగా చెబుతాను. టర్న్ దగ్గర, ముగింపు దగ్గర గోడను రెండు చేతులతో ఒకేసారి తాకాలన్నది నియమం. ఆమె కుడిచెయ్యి ముందు తాకింది, ఎడమది తర్వాత. న్యాయనిర్ణేత చెయ్యెత్తడంలో అన్యాయమేమీ లేదు. తప్పు కొంత నాది కూడా. శిక్షణలో అలసిపోయినప్పుడు ఆమె అలా తాకడం చూసి ఒకటి రెండుసార్లు చూడనట్టు వదిలేశాను. ఆరోజు దుస్తులు మార్చుకునే గదిలోంచి చాలాసేపు బయటికి రాలేదు. మరుసటి శిక్షణ రోజు మాత్రం 5.40కే వచ్చింది. నేను తాళ్లు కడుతూ ఉన్నాను. లోతు తక్కువ చోట నిలబడి, ఎవరూ చెప్పకుండానే, రెండు అరచేతులూ కలిపి గోడను తాకుతోంది. దగ్గరికి వెళ్లేసరికి పద్దెనిమిది లెక్కపెడుతోంది. ఇరవై అయ్యాక "ఇప్పుడు సరిగ్గా ఉందా సార్?" అని అడిగింది. ఉంది. ఆ తర్వాత ఇప్పటివరకు ఒక్కసారి కూడా ఒంటిచేత్తో తాకలేదు.

మిగిలింది కిక్. ఎడమ పాదం బయటికి తిరగడం లేదు, కాబట్టి కాళ్లు కత్తెరలా పడుతున్నాయి. ఇదీ అనర్హతకు దారితీసేదే. రోజూ ఇంట్లో ఐదు నిమిషాలు చీలమండల వ్యాయామం చేయించండి, ఎలాగో ఆమెకు నేర్పాను.

బ్యాక్‌స్ట్రోక్ గురించి పెద్దగా చెప్పేది లేదు, బాగుంది. గోడకు 5 మీటర్ల ముందు తలమీద వేలాడే జెండాలు కనిపించాక ఎన్ని చేతులు వేయాలో లెక్క కుదిరితే వెనక్కి తిరిగి చూడటం మానేస్తుంది. బటర్‌ఫ్లై 12 మీటర్ల వరకు అందంగా ఉంటుంది, తర్వాత ఉండదు. ఈ వయసులో అది చాలు.

హాజరు సంగతి. రాని పదమూడు రోజుల్లో ఐదు జ్వరం, ఎనిమిది శనివారాలు. ట్యూషన్ అవసరం నాకు తెలుసు, దాన్ని మానమని అనను. అయితే స్టార్టులు, టర్నులు శనివారమే చేయిస్తాం. దిమ్మె మీది నుంచి దూకడానికి ఆమె ఇంకా జంకడానికి, దూకితే పొట్ట తగిలేలా పడటానికి కారణం అదే. నెలకు రెండు శనివారాలు వీలు చేయగలిగితే తేడా కనిపిస్తుంది.

నిద్ర గురించి కూడా. రాత్రి పదిన్నరకు పడుకుంటానని తనే చెప్పింది. తెల్లవారుజామున ఐదుకు లేచే పిల్లకు అది చాలదు, ఈ వయసులో కనీసం తొమ్మిది గంటలు కావాలి. భోజనం కాస్త ముందుకు జరపగలరేమో చూడండి. పొద్దున ఖాళీ కడుపుతో పంపకండి, సగం అరటిపండు చాలు. ఈత అయ్యాక బ్యాగులో ఇడ్లీ డబ్బా ఉంటే మరీ మంచిది. కొలనులోకి దిగేముందు జుట్టు మంచినీళ్లతో తడిపితే క్లోరిన్ నీరు అంతగా పీల్చుకోదు, ఎండుగడ్డిలా అవుతోందన్న అమ్మగారి దిగులు కొంత తగ్గుతుంది.

సెప్టెంబరు నుంచి మూడు చేతులకోసారి, రెండు వైపులా ఊపిరి తీసుకోవడం మొదలుపెడుతున్నాం. దీనివల్ల ఐదారు వారాలు ఫ్రీస్టైల్ టైమింగు ఇప్పటికంటే ఒకటి రెండు సెకన్లు పెరగవచ్చు. వెనకబడిందని కంగారుపడి పాత పద్ధతికి మళ్లించకండి. డిసెంబరు నాటికి నేను చూడాలనుకునేవి: 100 మీటర్ల రెండు సగాల మధ్య తేడా ఐదు సెకన్లలోపు, నియమాలకు లోబడిన బ్రెస్ట్‌స్ట్రోక్, దిమ్మె మీది నుంచి జంకు లేని స్టార్ట్.

జిల్లా ఎంపికల గురించి నాన్నగారు అడిగారు. ఈ ఏడాది ఎంపికవుతుందని నేను అనుకోవడం లేదు. అనుభవం కోసం 50 మీటర్ల ఫ్రీస్టైల్, బ్యాక్‌స్ట్రోక్‌లలో పేరు ఇద్దాం. బ్రెస్ట్‌స్ట్రోక్‌లో ఇస్తారా అని ఆమె ఇప్పటికే రెండుసార్లు అడిగింది. కిక్ సరయ్యాక చూద్దామన్నాను. మీరూ అదే మాట చెప్పండి.

వచ్చే శనివారం 7.30కి గట్టుమీదే ఉంటాను. మాట్లాడాలనుకుంటే రండి, ఆమెను కూడా పక్కనే కూర్చోబెట్టుకుందాం.

ఇట్లు,
కోచ్, జూనియర్ బ్యాచ్