వార్డెన్ మేడమ్‌కి, మెస్సులో బాబాయికి, పిన్నిలకి

విజయనగరం,
10 మే 2025.

మేడమ్, బాబాయ్, పిన్నీ, అందరికీ నమస్కారం.

పొద్దున్న కాలేజీలో పట్టా తీసుకున్నాను. సాయంత్రం పలాస బండికి మావయ్యతో వెళ్లిపోతున్నాను. మీ ఎదురుగా నిలబడి చెప్పాలంటే నాకు గొంతు పెగలదని తెలుసు. అందుకే రాసి ఇస్తున్నాను. మెస్సులో అందరికీ వినబడేలా ఎవరైనా చదివి పెట్టండి. చిన్న పిన్నికి చదువు రాదు కదా, తనకి తప్పకుండా వినిపించాలి.

2022లో చేరిన కొత్తలో సూచనల పుస్తకంలో "పప్పు నీళ్లలా ఉంటోంది" అని రాసింది నేనే. పేరు రాయలేదు. తర్వాత మెస్ కమిటీలో నా వంతు వచ్చి, స్టోరు గదిలో నా చేత్తో కాటా వేసినప్పుడు తెలిసింది. నూట ఇరవై మందికి పూటకి 4 కిలోల కందిపప్పు, అంటే ఒక్కొక్కరికి 33 గ్రాములు. పప్పు ధర పెరిగిన నెలలో కూడా బాబాయ్ ఆ 4 కిలోలూ తగ్గించలేదు. సొరకాయో దోసకాయో వేసి అందరికీ సరిపెట్టాడు. ఆ మాట రాసినందుకు క్షమించు బాబాయ్. నువ్వు ఆవ పెట్టి చేసే పనసపొట్టు కూర మా అమ్మ చేసిందానికంటే బాగుంటుంది. ఇది అమ్మకి కూడా చెప్పాను.

రెండో ఏడాది నవంబరు సంగతి మీకు గుర్తుందో లేదో. మా ఉద్దానంలో చాలా ఇళ్లలో ఉన్న కిడ్నీ జబ్బే మా నాన్నకీ వచ్చింది. వారానికి రెండుసార్లు డయాలసిస్. ఆ రోజు సీరియస్ అని ఫోనొస్తే వెళ్లి, నాన్న కాస్త తేరుకున్నాక, మర్నాడు ప్రాక్టికల్ ఉందని రాత్రి బండికే తిరిగొచ్చాను. బండి లేటయింది. హాస్టలు చేరేసరికి పదకొండు కావస్తోంది. గేటు ఎనిమిదికే వేసేస్తారు, మేడమ్ ఏమంటారో అని దారంతా ఒకటే టెన్షన్. చూస్తే మీరు గేటు దగ్గర టార్చి పట్టుకుని నిలబడి ఉన్నారు. ఒక్క మాట అనలేదు. రిజిస్టరు ముందుకు జరిపి, "సంతకం పెట్టి ముందు భోంచెయ్, నాన్నగారి సంగతి తర్వాత చెబుదువు" అన్నారు.

మెస్సులో ఒక్క లైటే వెలుగుతోంది. కంచం మీద కంచం బోర్లించి, పిల్లి తోసెయ్యకుండా పైన పొత్రం పెట్టి ఉంచారు. తీసి చూస్తే అన్నం, చారు, రెండు ఉడికించిన గుడ్లు. అది గుడ్ల రోజు కాదు. పెద్ద పిన్ని ఎదురుగా కూర్చుని మర్నాటికి బియ్యంలో రాళ్లు ఏరుతోంది. నేను కలుపుకుని తినలేక ఏడుస్తుంటే, "ఏడుస్తా తింటే ఒంటికి పట్టదమ్మా, మెల్లిగా తిను, నానిక్కడే ఉంతాను కదా" అంది. నేను చెయ్యి కడుక్కునేదాకా అక్కడి నుంచి లేవలేదు. పొద్దున్న నాలుగున్నరకి మళ్లీ పొయ్యి దగ్గరుండాల్సిన మనిషి.

మా అమ్మ జీడిపిక్కలు కొట్టే పనికి వెళ్తుంది. ఆ జీడికి వేళ్లు నల్లగా మాడిపోయి ఉంటాయి. పిన్ని వేళ్ల సందుల్లో పసుపు ఎప్పుడూ పోదు. ఈ మూడేళ్లూ నాకు అన్నం పెట్టినవి ఆ నాలుగు చేతులే.

మేడమ్, మొదటి ఏడాది మీరంటే నాకు భయం. హాజరు విషయంలో మరీ కఠినంగా ఉంటారనుకునేదాన్ని. ఆ రాత్రి తర్వాత అర్థమైంది, మమ్మల్ని లెక్కపెట్టుకోకుండా మీకు నిద్ర పట్టదని. పైడిభీమవరంలో మందుల కంపెనీలో క్వాలిటీ కంట్రోల్ ట్రైనీగా ఉద్యోగం వచ్చింది. వచ్చే నెల చేరాలి. రికమెండేషన్ లెటరు మీరు రెండుసార్లు తిరగరాసి ఇచ్చారు. మర్చిపోను.

వాచ్‌మన్ తాతా, నీ కళ్లజోడు కాడ విరిగిపోయింది, దారం కట్టుకుని తిరుగుతున్నావు. ఈ నెల జీతానికైనా మార్పించుకో.

14వ నంబరు గదిలో నా బకెట్టు, దుప్పటి, కెమిస్ట్రీ పుస్తకాలు సాలూరు నుంచి వచ్చిన చెల్లికి ఇచ్చేశాను. ఆ పిల్ల గురువారం ఒక్కపొద్దు ఉంటుంది, పైకి చెప్పదు. సాయంత్రం ఆరింటికే ఏదైనా పెట్టండి పిన్నీ. నెలకోసారి ఇల్లు గుర్తొచ్చి తిండి మానేస్తుంది. అప్పుడు కొంచెం చోడి అంబలి కాచి ఇస్తే తాగుతుంది, నేను చూశాను.

ఇంకొకటి. స్టోరు గదిలో రెండో అరలో, ఉప్పు డబ్బా వెనక ఒక పొట్లం పెట్టాను. మా చెట్ల జీడిపప్పు, రెండు కిలోలు. మంచం మీద కూర్చునే నాన్న ఒక్కొక్కటీ ఏరి, ముక్కలు తీసేసి కట్టించాడు. పండగకని దాచకండి. రేపు ఆదివారం పాయసంలో వేసి, ముందు మీరు తినండి, తర్వాత పిల్లలకి పెట్టండి.

ఉంటాను.

మీ 14వ నంబరు గది అమ్మాయి,
బి.ఎస్సీ. కెమిస్ట్రీ, 2022–25