ఎన్‌డీఏ 1, 2 క్లాజుల తెలుగు పాఠం: ఏది గోప్యం, ఏది కాదు

నమస్తే అండి,

పంపుల కంపెనీ వాళ్లు పంపిన గోప్యత ఒప్పందంలో, అంటే ఎన్‌డీఏలో మొదటి రెండు క్లాజులు తెలుగులో పెట్టాను. తొమ్మిది పేజీల్లో, మోటారు శబ్దం విని లోపం పసిగట్టే మీ మోడల్‌ని కాపాడేదైనా, చేజార్చేదైనా ఈ రెండే, అందుకే ఒక్క మాట కూడా వదలకుండా చేశాను. నంబర్లు ఉన్న పేరాలు ఒప్పందంలోవి, వాటిలో నేను ఏదీ మెత్తబరచలేదు, కలపలేదు. "నా మాట" అని మొదలయ్యేవి మాత్రం నావి. 11వ క్లాజు ప్రకారం తేడా వస్తే ఇంగ్లిష్ ప్రతే చెల్లుతుంది, సంతకం కూడా దాని మీదే, కాబట్టి ఇది మీరు అర్థం చేసుకోవడానికి మాత్రమే.

ఒకటి ముందే చెప్పేస్తాను, చదువుతూ దాటేస్తారేమోనని నా టెన్షన్. జూన్ 20న వీడియో కాల్‌లో మీరు చూపించిన డెమోకి ఈ ఒప్పందం రక్షణ ఇవ్వట్లేదు. ఎందుకో 1.1 దగ్గర, 2.1(ఆ) దగ్గర రాశాను.

1. గోప్య సమాచారం

1.1 "గోప్య సమాచారం" అంటే, ఈ ఒప్పందం అమల్లోకి వచ్చే తేదీన గానీ ఆ తర్వాత గానీ, ఒక పక్షం (వెల్లడించే పక్షం) నిర్దేశిత ప్రయోజనం కోసం మరో పక్షానికి (స్వీకరించే పక్షానికి) నేరుగా లేదా పరోక్షంగా, రాతలో, మాటలో, ఎలక్ట్రానిక్ రూపంలో, ప్రదర్శించి చూపడం ద్వారా, లేదా పరికరాలను పరిశీలించనివ్వడం ద్వారా తెలియజేసిన, బహిరంగం కాని సమాచారం. అయితే అది 1.3లోని షరతును నెరవేర్చాలి.

నా మాట: "తేదీన గానీ ఆ తర్వాత గానీ" అన్న ముక్క దగ్గర ఆగండి. అమల్లోకి వచ్చే తేదీ జులై 14 అని మొదటి పేజీలో ఉంది. మోటారు శబ్దంలో ఏ మార్పు కనిపిస్తే బేరింగ్ పాడవబోతోందని మీ మోడల్ పసిగడుతుందో మీరు వాళ్లకి వివరించింది జూన్ 20న. అంటే ఆ రోజు చెప్పినదంతా ఈ నిర్వచనం బయటే ఉండిపోయింది. దీన్ని మార్చమని అడగాలి: "అమల్లోకి వచ్చే తేదీకి ముందు గానీ తర్వాత గానీ తెలియజేసిన సమాచారం, జూన్ 20 నాటి ప్రదర్శనతో సహా; ఆ ప్రదర్శనకు 1.3లోని షరతు వర్తించదు." ఇలా అడగడం మామూలే, మాటలు ముందు మొదలై కాగితం తర్వాత వచ్చే ఒప్పందాల్లో వెనకటి తేదీని కలుపుకోవడం కొత్తేమీ కాదు.

ఇంకో మాట, "గోప్య" బదులు "రహస్య" అని ఎందుకు పెట్టలేదంటే, కింద 1.2లో "వ్యాపార రహస్యాలు" విడిగా వస్తాయి. వ్యాపార రహస్యం గోప్య సమాచారంలో ఒక రకం, అన్ని గోప్య విషయాలూ వ్యాపార రహస్యాలు కావు. రెండింటికీ ఒకే మాట వాడితే ఆ తేడా పోతుంది.

1.2 గోప్య సమాచారంలో ఇవి కూడా ఉంటాయి: సోర్స్ కోడ్, ఆల్గారిథమ్‌లు, మోడళ్లు, వాటికి శిక్షణ ఇవ్వడానికి వాడిన డేటా, సెన్సార్ రికార్డింగులు, డిజైన్లు, సాంకేతిక పరిజ్ఞానం, వ్యాపార రహస్యాలు, విడుదల కాని ఉత్పత్తుల ప్రణాళికలు, ధరలు, కస్టమర్ల, సప్లయర్ల వివరాలు, ఆర్థిక అంచనాలు. ఇవి ఉదాహరణలు మాత్రమే. ఇక్కడ పేరు లేనంత మాత్రాన ఏ సమాచారమూ గోప్యం కాకుండా పోదు.

నా మాట: జాబితా బాగుంది. "ఫలితాలు, ఖచ్చితత్వ కొలతలు" కూడా చేర్చమంటే సరిపోతుంది.

1.3 ఒక సమాచారం గోప్య సమాచారం కావాలంటే, (క) రాతలో లేదా ఎలక్ట్రానిక్ రూపంలో ఇచ్చినప్పుడు దాని మీద "గోప్యం" అని స్పష్టంగా గుర్తు ఉండాలి; (ఖ) మాటలో గానీ ప్రదర్శన ద్వారా గానీ ఇచ్చినప్పుడు, అది గోప్యమని అప్పుడే చెప్పాలి, ఆపైన 15 రోజుల లోపు దాని సారాంశాన్ని రాసి, గోప్యమని గుర్తించి, స్వీకరించే పక్షానికి పంపాలి.

నా మాట: ఇది మీ చేతికి పని పెట్టే క్లాజు. ప్రతి కాల్‌లో మొదటి నిమిషంలోనే "ఇది గోప్యం" అని చెప్పాలి, కాల్ అయ్యాక 15 రోజుల్లో ఏం చెప్పారో రాసి మెయిల్ పంపాలి. (ఖ)లో రెండు పనులూ జరగాలి, ఒకటి చేసి రెండోది మర్చిపోతే ఆ మాటలకి రక్షణ లేదు. చిన్న టీముల్లో ఇది మర్చిపోవడం చాలా తేలిక, వారంలో మూడు కాల్స్ అవుతాయి, డెవలపర్ ఒకరు చాట్‌లో స్క్రీన్‌షాట్ పెడతారు, దాని మీద ఏ గుర్తూ ఉండదు. అందుకే చాలా ఒప్పందాల్లో ఇంకో దారి కూడా ఉంచుతారు, ఇందులో అది లేదు. (గ) అని ఈ వాక్యం చేర్చమని అడగండి: "లేదా, గుర్తు లేకపోయినా, సమాచార స్వభావాన్ని, తెలియజేసిన పరిస్థితులను బట్టి అది గోప్యమని సహేతుకంగా ఆలోచించే వ్యక్తికి అర్థం కావాలి." ముందున్న "లేదా" ముఖ్యం, అక్కడ "మరియు" పడితే మీకు షరతు ఒకటి ఎక్కువవుతుంది తప్ప దారి తెరుచుకోదు.

1.4 స్వీకరించే పక్షం గానీ దాని ప్రతినిధులు గానీ తయారు చేసుకున్న నోట్సు, విశ్లేషణలు, సారాంశాలు, ఇతర రూపాలు, అవి వెల్లడించే పక్షం గోప్య సమాచారాన్ని కలిగి ఉన్న లేదా దాని ఆధారంగా రూపొందిన మేరకు, వెల్లడించే పక్షం గోప్య సమాచారమే అవుతాయి.

నా మాట: దీన్ని అనువదిస్తూ చాలాసేపు ఆగిపోయాను. ఈ ఎన్‌డీఏ రెండు వైపులా వర్తిస్తుంది, అంటే ఇందులో ఒక్కోసారి మీరు వెల్లడించే పక్షం, ఒక్కోసారి స్వీకరించే పక్షం. మామూలుగా 1.4 మీకు మంచిదే, ఒప్పందం అమల్లోకి వచ్చాక మీ డెమో చూసి వాళ్ల ఇంజినీర్లు రాసుకున్న నోట్సు కూడా గోప్యమే అవుతుంది. కానీ ప్రయోగాత్మకంగా చేసే పైలట్‌లో ఏం జరగబోతోంది? వాళ్ల ఫ్యాక్టరీ మోటార్ల రికార్డింగులు మీకు ఇస్తారు, మీరు వాటితో మోడల్‌కి మళ్లీ శిక్షణ ఇస్తారు. అప్పుడు కొత్త మోడల్ "వాళ్ల సమాచారం ఆధారంగా రూపొందిన ఇతర రూపం" అవుతుందా? అవుతుందని వాదించడానికి ఈ వాక్యం చాలు. అలా వాదిస్తే, మీ మోడల్ మెరుగైన భాగాన్ని మీరు ఇంకో కస్టమర్ దగ్గర వాడలేరు, ఒప్పందం ముగిశాక 5వ క్లాజు కింద తుడిచేయమని కూడా అడగవచ్చు. ఇది ఎవరి దురుద్దేశమూ కాదు, నోట్సు, సారాంశాలు అని రాసిన కాలంలో ఎవరూ మోడళ్ల గురించి ఆలోచించి ఉండరు. కానీ మీ కంపెనీకి ఉన్న ఆస్తి ఆ మోడలే. "శిక్షణ పొందిన మోడళ్లు, వాటి పారామితులు, అవి స్వీకరించే పక్షానివే; అయితే వాటి నుంచి అసలు రికార్డింగులను తిరిగి రాబట్టకూడదు" అని చేర్చమనండి. డేటా వాళ్లది, నేర్చుకున్నది మీది, ఈ గీత సంతకానికి ముందే గీయాలి.

1.5 పక్షాల మధ్య చర్చలు జరుగుతున్నాయన్న సంగతి, ఈ ఒప్పందంలోని షరతులు ఇరు పక్షాల గోప్య సమాచారం.

నా మాట: పెట్టుబడిదారులకి ఇచ్చే ప్రజెంటేషన్‌లో వాళ్ల పేరు గానీ లోగో గానీ పెట్టకండి, రాతపూర్వకంగా ఒప్పుకునేదాకా.

2. మినహాయింపులు

2.1 కింది వాటిలో ఏ ఒక్కటైనా వర్తిస్తుందని స్వీకరించే పక్షం తన లిఖితపూర్వక రికార్డులతో నిరూపించగలిగిన మేరకు, ఆ సమాచారం గోప్య సమాచారం కాదు:

(అ) స్వీకరించే పక్షం గానీ దాని ప్రతినిధులు గానీ ఈ ఒప్పందాన్ని ఉల్లంఘించడం వల్ల కాకుండా, వేరే విధంగా అందరికీ తెలిసిన లేదా తెలిసిపోయిన సమాచారం;

(ఆ) వెల్లడించడానికి ముందే, గోప్యత బాధ్యత ఏదీ లేకుండా, స్వీకరించే పక్షం దగ్గర ఉన్న సమాచారం;

(ఇ) వెల్లడించే పక్షం పట్ల గోప్యత బాధ్యత లేని మూడో వ్యక్తి నుంచి, స్వీకరించే పక్షం చట్టబద్ధంగా పొందిన సమాచారం;

(ఈ) వెల్లడించే పక్షం గోప్య సమాచారాన్ని వాడకుండా, దాన్ని చూడకుండా, స్వీకరించే పక్షం స్వతంత్రంగా రూపొందించుకున్న సమాచారం.

నా మాట: "నిరూపించగలిగిన మేరకు" అన్న మాట మీ పక్షాన ఉంది, మాకు ముందే తెలుసు అని నోటితో అంటే చాలదు, వాళ్లే కాగితం చూపించాలి. దాన్ని తీసేస్తామంటే ఒప్పుకోవద్దు. ఇదే బరువు మీ మీద కూడా ఉంటుంది కాబట్టి, (ఈ) కోసం మీ కోడ్ కమిట్లు, డిజైన్ నోట్సు తేదీలతో భద్రంగా పెట్టండి. రేపు వాళ్లు మా ఆలోచనే మీరు వాడారంటే మిమ్మల్ని కాపాడేది అదే.

ఇక జూన్ 20 సంగతి. (ఆ) మళ్లీ చదవండి. ఆ రోజు మీ మధ్య ఒప్పందం లేదు, కాబట్టి గోప్యత బాధ్యత కూడా లేదని వాళ్లు వాదించగలరు. జులై 14 తర్వాత మీరు అదే విషయాన్ని గుర్తు వేసి, రాసి ఇచ్చినా సరే, "ఇది మాకు ముందే తెలుసు, మీరే చెప్పారు" అనగలరు, పైగా ఆ కాల్‌లో వాళ్లు రాసుకున్న నోట్సు ఉంటే అదే వాళ్ల రికార్డు. నిర్వచనం బయట పెట్టిన దాన్ని మినహాయింపు తలుపు కూడా మూసేస్తోంది. కాబట్టి 1.1 ఒక్కటి మారిస్తే చాలదు, (ఆ)లో "వెల్లడించే పక్షం నుంచి తెలుసుకున్నది కాకుండా" అని కూడా చేరాలి.

2.2 ఒక సమాచారంలోని విడి అంశాలు అందరికీ తెలిసినవైనంత మాత్రాన, వాటి కలయిక 2.1 కిందికి రాదు. ఆ కలయిక, అది పనిచేసే తీరు కూడా అందరికీ తెలిసినవైతే తప్ప.

నా మాట: ఇది ఉంచుకోండి. మీరు వాడే శబ్ద విశ్లేషణ పద్ధతులు పాఠ్యపుస్తకాల్లో ఉన్నవే, వాటిని మీరు పేర్చిన వరసే మీ ప్రత్యేకత.

2.3 చట్టం, కోర్టు లేదా అధికార సంస్థ ఆదేశం మేరకు సమాచారం ఇవ్వాల్సి వస్తే, స్వీకరించే పక్షం చట్టం అనుమతించినంత వరకు ముందుగా రాతలో తెలియజేయాలి, ఆదేశం కోరినంత మాత్రమే ఇవ్వాలి. అలా ఇచ్చిన సమాచారం మిగతా అన్ని విషయాల్లో గోప్యంగానే ఉంటుంది.

2.4 గోప్య సమాచారాన్ని చూసిన ఉద్యోగుల జ్ఞాపకంలో, ఏ పత్రమూ చూడకుండా మిగిలిపోయిన ఆలోచనలు, భావనలు, పరిజ్ఞానాన్ని స్వీకరించే పక్షం ఏ ప్రయోజనానికైనా స్వేచ్ఛగా వాడుకోవచ్చు.

నా మాట: మినహాయింపుల చివర సాదాగా కూర్చున్న ఈ వాక్యం పైన కట్టిన గోడంతా కూల్చగలదు. వాళ్ల దగ్గర పెద్ద ఇంజినీరింగ్ టీమ్ ఉంది, మీ దగ్గర ముగ్గురు. చూసి గుర్తుపెట్టుకున్నది ఎవరైనా వాడుకోవచ్చంటే లాభం ఎటు పోతుందో లెక్క వేయక్కర్లేదు. మొత్తం తీసేయమని అడగండి. అస్సలు ఒప్పుకోకపోతే, వాడుకోవడం కోసమే కావాలని గుర్తుపెట్టుకున్నది, సోర్స్ కోడ్, మోడల్ నిర్మాణం ఇందులోకి రావని, దీనివల్ల పేటెంట్, కాపీరైట్ హక్కులేవీ రావని రాయించండి.

మార్పుల ఇంగ్లిష్ వాక్యాలు విడి ఫైల్‌లో పెట్టాను, ముందు మీ లాయర్‌కి చూపించి, ఆ తర్వాత వాళ్లకి పంపండి. శుక్రవారం ఇంకో కాల్ ఉందన్నారు కదా, సంతకం అయ్యేదాకా అందులో షెడ్యూలు, పైలట్ ఎక్కడ చేయాలన్నదే మాట్లాడండి, మోడల్ లోపలి విషయం ఎవరు అడిగినా సంతకం అయ్యాక, జులై 14 తర్వాతే చెబుతామనండి.