రూట్ కెనాల్ పన్ను ఇంకా పూర్తి కాలేదు మాస్టారూ

మాస్టారూ, నమస్కారం. బ్రాడీపేట క్లినిక్ నుంచి మీ పళ్ల డాక్టర్‌ని. కింద కుడివైపు దవడ పంటికి రూట్ కెనాల్ చేశాక మీరు మళ్లీ రాలేదు. రిసెప్షన్ అమ్మాయి ఫోన్ చేస్తే "నొప్పి లేదమ్మా, తర్వాత వస్తా" అన్నారట.

నొప్పి లేకపోవడం సహజమే. లోపలి నరం తీసేశాం కాబట్టి, ఆ పన్ను పాడవుతున్నా మీకు వెంటనే తెలియదు. నా భయమంతా అదే. ఇప్పుడు పైన ఉన్నది తాత్కాలిక సిమెంటు మాత్రమే, కొద్దివారాలకు మించి నమ్మలేం. అది అరిగితే సందుల్లోంచి లాలాజలం, క్రిములు లోపలికి దిగి మళ్లీ చీము పడుతుంది. పైగా మీ పన్ను సగం పుచ్చి, గోడలు పల్చగా మిగిలాయి. చెక్కలో, జంతికలో కొరికినప్పుడు వేరుదాకా చీలిందంటే ఇక పీకడమే. ఇంత ఓపిగ్గా కాపాడుకున్న పన్ను అలా పోకూడదు.

గురువారం సాయంత్రం 6 గంటలు మీకోసం ఉంచాను. ఎక్స్‌రే చూసి, పర్మనెంట్ ఫిల్లింగ్ వేసి, క్యాప్‌కి కొలత తీసుకుంటాను. ఖర్చు గురించి ఆగితే మొహమాటపడకండి, రెండు మూడు విడతల్లో ఇవ్వొచ్చు. మెటల్ క్యాప్ తక్కువలో అవుతుంది, వెనక పన్ను కాబట్టి పెద్దగా కనిపించదు కూడా.

అప్పటిదాకా ఎడమవైపే నమలండి, బ్రష్ మాత్రం రెండువైపులా చేయండి. వాపుగానీ జ్వరంగానీ వస్తే మందులషాపులో బిళ్లలు కొని సరిపెట్టుకోవద్దు, వెంటనే వచ్చేయండి. గురువారం కుదరకపోతే ఈ నంబరుకే చెప్పండి, శనివారం ఉదయం చూస్తాను.