టెన్త్ బోర్డు ఎగ్జామ్స్ మార్పులు – పేరెంట్స్ అందరూ చదవండి

నమస్తే అండీ, సీబీఎస్ఈ సర్క్యులర్ చాలా పెద్దగా ఉంది, మన పిల్లలకి కావాల్సినంత వరకు తెలుగులో రాస్తున్నాను.

2026 నుంచి టెన్త్‌కి బోర్డు ఎగ్జామ్ రెండుసార్లు. ఫిబ్రవరిలో మొదలయ్యేది అందరూ రాయాల్సిందే, మేలో జరిగేది ఇష్టమైతేనే. మొదటిది పాసై మార్కులు పెంచుకోవాలనుకుంటే సైన్స్, మ్యాథ్స్, సోషల్, లాంగ్వేజెస్‌లో మూడు సబ్జెక్టుల వరకు మళ్ళీ రాయొచ్చు, రెండిట్లో ఎక్కువ వచ్చిన మార్కులే ఉంచుతారు. రెండుసార్లూ ఫుల్ సిలబస్సే. ఇంటర్నల్ మార్కులు మాత్రం ఒక్కసారే వేస్తారు, మళ్ళీ ఛాన్స్ లేదు, అందుకే ప్రాజెక్టులు టైంకి ఇప్పించండి ప్లీజ్.

నిన్న క్లాసులో ఒక పాప "మేలో రాస్తాలే టీచర్, ఫిబ్రవరిది వదిలేస్తా" అంది. గుండె ఆగినంత పనైంది. మొదటిసారి మూడు లేదా అంతకంటే ఎక్కువ సబ్జెక్టులు రాయకపోతే మేలో అసలు కూర్చోనివ్వరండీ, ఏడాది పోతుంది! ఇది ఇంట్లో కూర్చోబెట్టి చెప్పండి.

ఇంకోటి, సైన్స్ పేపర్ బయాలజీ, కెమిస్ట్రీ, ఫిజిక్స్ అని మూడు భాగాలు, సోషల్ నాలుగు. ఏ భాగం ఆన్సర్లు ఆ భాగంలోనే రాయాలి, కలిపేస్తే దిద్దరు. రఫ్ నోట్‌బుక్‌లో గీతలు కొట్టించి రోజూ ప్రాక్టీస్ చేయిస్తున్నాను, ఇంట్లో కూడా ఒకసారి చూడండి.

డౌట్లుంటే శనివారం పేరెంట్స్ మీటింగ్‌కి రండి, నాన్నగారు బిజీ అయితే అమ్మగారైనా పర్లేదు.

– టెన్త్ బి క్లాస్ టీచర్