బత్తాయి లెక్కల యాప్: పెండింగ్ లిస్టు, ఈ రెండు వారాల పని

1. సిగ్నల్ లేకున్నా ఎంట్రీ – ఇదే ముందు. గుర్రంపోడు, నిడమనూరు దిక్కు తోటల్లో కాంటా కాడ నెట్ దొరకట్లేదు. కాగితం మీద రాసుకొని రాత్రి ఎక్కిస్తున్నరు, తప్పులన్నీ అక్కడే పడుతున్నయి. అడిగింది 9 మందే, కానీ రోజూ వాడేది వాళ్లే. 6 రోజుల పని. ఎంట్రీ ఫోన్‌లో దాచి, సిగ్నల్ రాగానే పంపాలి. ఒకే స్లిప్పు రెండుసార్లు ఎక్కితే పని అయిపోయినట్టు కాదు.

2. సూట్ విడిగా చూపడం – టన్నుకు ఎంత తరుగు తీసిన్రో రైతు స్లిప్పులో కనబడాలి. రోజున్నర పని. ఇద్దరు వ్యాపారులు వద్దన్నరు, అందుకే ఇంకా పైకి జరిపినం.

3. వాయిస్ ఎంట్రీ – ఆగాలి. 24 మంది అడిగిన్రు, ఓట్ల లెక్కన ఇదే పైన ఉండాలె. కానీ ట్రాక్టర్ల మోతలో ట్రయల్ వేస్తే "అరవై" అంటే "ఇరవై" పడ్డది. మనం ముగ్గురమే, సగం పూట సపోర్ట్ ఫోన్లకే పోతది. ఎవరి పని ఆగుతుందో వాళ్లదే ముందు.

4. డార్క్ మోడ్ – తర్వాత.

5. వాతావరణం – తీసేసినం, ఫోన్‌లో ఎట్లాగూ ఉంది.

సోమవారం పొద్దున మళ్లీ చూద్దాం.